మే నెల పుస్తకాలు ఏ నెలలో చేయాలి?

ప్రశ్న: మాది కావలి దగ్గర చిన్న నోటుపుస్తకాల ఫ్యాక్టరీ. నెలకు 50 వేల పుస్తకాలకు మించి చేయలేం, కటింగ్ మెషిన్ దగ్గర పని ఆగిపోతుంది. మార్చి, ఏప్రిల్‌లో కొందరు కోతల పనులకు, మిల్లులకు వెళ్లిపోతారు, అప్పుడు 40 వేలే. ఏడాదికి 5 లక్షల పుస్తకాలు అమ్ముతాం, అందులో సగం దాకా మే, జూన్‌లోనే. పోయిన మేలో చాలక విజయవాడలో పుస్తకానికి 3 రూపాయలు ఎక్కువ ఇచ్చి చేయించాం. అదీ అడిగినన్ని దొరకలేదు. ఏడాదంతా ఒకే లెక్కన చేస్తూ పోదామంటారు మా వారు. ఆర్డర్ రాకుండా కాగితం మీద డబ్బు పెట్టొద్దంటారు మా మామగారు. పుస్తకం మాకు 22 రూపాయలు పడుతుంది, అందులో కూలి రెండున్నర. 28కి అమ్ముతాం. బ్యాంకు సీసీ అప్పు లిమిట్ 25 లక్షలు, వడ్డీ 12 శాతం. నెలవారీ అమ్మకాల పట్టీ జత చేశాను. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకురాలు, కావలి

సమాధానం:

అమ్మా, ముందు మీ మామగారి దారి సంగతి తేల్చేద్దాం. ఆర్డర్‌ను బట్టి ఉత్పత్తిని పెంచుకుంటూ, తగ్గించుకుంటూ పోవడాన్ని చేజ్ ప్రొడక్షన్ అంటారు. స్టాకు మీద డబ్బు ఇరుక్కోదు, అమ్ముడుపోని సరుకు మిగలదు. మంచి పద్ధతే. కానీ అది సీజన్‌లో మెషిన్లను, మనుషుల్ని పెంచుకోగలిగిన వాళ్లకు. మీ పట్టీలో మే అమ్మకం లక్షా 30 వేలు, జూన్‌ది లక్షా 10 వేలు. ఏప్రిల్‌లో 60 వేలు కావాలి, చేయగలిగేది 40 వేలు. ఈ మూడు నెలల్లో మీ చేతికి అందనివి మొత్తం లక్షా 60 వేల పుస్తకాలు. ఇవన్నీ బయట చేయిస్తే 3 రూపాయల చొప్పున 4 లక్షల 80 వేలు అదనం. పైగా మే నెలలో విజయవాడ వాళ్లకూ అదే సీజన్. వాళ్ల సొంత ఆర్డర్లు అయ్యాకే మీవి మొదలుపెడతారు. కాబట్టి ఈ దారి మీకు ఖరీదైనదే కాదు, నమ్మి కూర్చోదగ్గదీ కాదు.

మీ వారు చెప్పింది లెవెల్ ప్రొడక్షన్. నెలకు 42 వేల చొప్పున, మనుషులు తగ్గే మార్చి, ఏప్రిల్‌లలో 40 వేల చొప్పున, పన్నెండు నెలలూ చేస్తే మే, జూన్ గట్టెక్కుతాయి. పనివాళ్లు నిలకడగా ఉంటారు. కానీ ఆగస్టులో చేసిన పుస్తకం కొంత మే దాకా గోడౌన్‌లో పడుకుంటుంది. ఆ పడుకున్నందుకు ఎంత ఖర్చో ముందు తెలియాలి. 22 రూపాయలకు నెలకు ఒక శాతం వడ్డీ అంటే 22 పైసలు. గోడౌన్‌కు, ఎత్తిపెట్టడానికి, చెడిపోయే వాటికి ఇంకో 8 పైసలు వేసుకోండి. ఒక పుస్తకం ఒక నెల గోడౌన్‌లో ఉంటే 30 పైసలు. ఈ 30 పైసల అంకె గుర్తుపెట్టుకోండి, కింద ప్రతి నిర్ణయం దీనితోనే తూచబోతున్నాం.

మీ వారి లెక్కన నడిస్తే మార్చి ఆఖరుకు లక్షా 79 వేల పుస్తకాలు పోగవుతాయి. ఒక్కో నెల ఆఖరున ఉండే స్టాకును కూడి 30 పైసలతో గుణిస్తే ఏడాదికి దాదాపు 3 లక్షల 22 వేలు. బయట చేయించడం కన్నా ఇది నయం. అయినా ఇందులో అనవసరంగా పోయే డబ్బు ఉంది, ఎందుకంటే ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే అంత జోరుగా చేయాల్సిన అవసరం మీకు లేదు.

అసలు ప్రశ్న ఎవరి మాట వినాలన్నది కాదు. స్టాకు ముందుగా చేయక తప్పదు. ఎంత ఆలస్యంగా మొదలుపెడితే మే నెలకు అందుకోగలం అన్నదే తేలాలి. దీన్ని ఆగస్టు నుంచి ముందుకు లెక్కేస్తే తేలదు. సీజన్ ఆఖరు నుంచి వెనక్కి రావాలి.

జూన్‌తో మొదలుపెడదాం. జూన్‌లో లక్షా 10 వేలు కావాలి, 50 వేలు ఆ నెలలోనే చేస్తారు. మిగతా 60 వేలు మే ఆఖరుకే గోడౌన్‌లో ఉండాలి. మేకు రండి. అమ్మకానికి లక్షా 30 వేలు, జూన్ కోసం దాచాల్సినవి 60 వేలు, మొత్తం లక్షా 90 వేలు. మేలో 50 వేలు చేస్తే, ఏప్రిల్ ఆఖరుకు లక్షా 40 వేలు సిద్ధంగా ఉండాలి. ఏప్రిల్‌లో అమ్మకం 60 వేలు, చేసేది 40 వేలు, అంటే ఆ నెలలో స్టాకు 20 వేలు తగ్గుతుంది. కాబట్టి మార్చి ఆఖరుకు లక్షా 60 వేలు కావాలి. ఇలా ఒక్కో నెల వెనక్కి నడుస్తూ వెళ్తే, ఏ నెలలో చేయలేనిది దాని ముందు నెలకు జరుగుతుంది. ఆ నెల కూడా నిండితే ఇంకో నెల వెనక్కి. మీ లెక్క అక్టోబర్ దాకా వెళ్లి అక్కడ ఆగింది: అక్టోబర్ అమ్మకానికి కావాల్సిన 20 వేలు కాక ఇంకో 15 వేలు చేయాలి. అంతకు ముందు నెలల్లో ఒక్క పుస్తకం కూడా సీజన్ కోసం చేయనక్కర్లేదు.

మార్చి, ఏప్రిల్‌లలో పనివాళ్లు తగ్గడం ఈ లెక్కలో ఎంత తేడా తెచ్చిందో చూడండి. ఆ రెండు నెలల్లోనూ 50 వేలు వచ్చి ఉంటే మీరు నవంబర్‌లో మొదలుపెట్టినా సరిపోయేది. మన నెల్లూరు జిల్లాలో వరి ముఖ్యంగా రబీ పంట. డిసెంబర్, జనవరిలో నాట్లు, మార్చి, ఏప్రిల్‌లో కోతలు. యంత్రాలు వచ్చినా ఆరబెట్టడం, బస్తాలకెత్తడం, మిల్లు పని ఉండనే ఉన్నాయి. సరిగ్గా మీకు మనుషులు కావాల్సినప్పుడే ఊళ్లో కూలి రేటు పెరుగుతుంది. దాంతో పోటీపడి మనుషుల్ని నిలుపుకోవడం కన్నా, 40 వేలే వస్తాయని ముందే లెక్కలో వేసుకోవడం మేలని నా అభిప్రాయం. జనవరిలో సంక్రాంతి సెలవులనూ ఇలాగే చూసుకోండి. ఆ నెల 5 వేలు తగ్గితే అవి నవంబర్‌కో డిసెంబర్‌కో వెళ్లవు, ఆ నెలలు ఇప్పటికే నిండి ఉన్నాయి. నేరుగా అక్టోబర్‌కు వెళ్తాయి.

ఇక్కడ ఒక చిన్న మార్పు చేయమంటాను. వెనక్కి వేసిన లెక్క ప్రకారం ఆగస్టు, సెప్టెంబర్‌లలో 20 వేలు, అక్టోబర్‌లో 35 వేలు చేయాలి. మూడు నెలలకు రెండు వేగాలు పెట్టుకుంటే మనుషుల్ని కుదుర్చుకోవడం కష్టం. దాని బదులు మూడు నెలలూ 25 వేల చొప్పున, అంటే సగం వేగంతో నడపండి. కొన్ని పుస్తకాలు నెల ముందే తయారవుతాయి, దానికి అయ్యే అదనపు ఖర్చు మొత్తం 4,500 రూపాయలే. సగం మందితో మూడు నెలలు నికరంగా పని నడుస్తుంది. కటింగ్ ఆపరేటర్‌ను, పిన్నింగ్ మెషిన్ మీద చేయి తిరిగిన మనిషిని మాత్రం ఈ మూడు నెలలూ వదులుకోవద్దు. కొత్త మనిషి చేతిలో పిన్ను మడత మధ్యలో పడదు, పుస్తకం తెరిస్తే కాగితాలు ఊడొస్తాయి. ఆ పుస్తకాలు దుకాణం నుంచి వాపసు వచ్చేది జూన్‌లో, మీకు ఊపిరాడని నెలలో.

మొత్తం పట్టీ ఇలా వస్తుంది. అన్నీ వేలల్లో.

| నెల | అమ్మకం | తయారీ | నెలాఖరు స్టాకు |
|---|---|---|---|
| ఆగస్టు | 20 | 25 | 5 |
| సెప్టెంబర్ | 20 | 25 | 10 |
| అక్టోబర్ | 20 | 25 | 15 |
| నవంబర్ | 15 | 50 | 50 |
| డిసెంబర్ | 15 | 50 | 85 |
| జనవరి | 15 | 50 | 120 |
| ఫిబ్రవరి | 20 | 50 | 150 |
| మార్చి | 30 | 40 | 160 |
| ఏప్రిల్ | 60 | 40 | 140 |
| మే | 130 | 50 | 60 |
| జూన్ | 110 | 50 | 0 |
| జులై | 45 | 45 | 0 |

స్టాకు ఖర్చు ఏడాదికి సుమారు 2 లక్షల 39 వేలు. మీ వారి లెక్క కన్నా 83 వేలు తక్కువ, బయట చేయించడంలో సగం. వాన నెలల్లో గోడౌన్‌లో ఉండే సరుకు కూడా తగ్గింది. లెవెల్ లెక్కలో అక్టోబర్ ఆఖరుకే 66 వేల పుస్తకాలు ఉండేవి, ఇందులో 15 వేలే.

ఓవర్‌టైమ్ పెడితే ఇంకా ఆలస్యంగా మొదలుపెట్టొచ్చు కదా అని మీకు తోచవచ్చు. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి ఇవ్వాలి, అంటే పుస్తకానికి రెండున్నర అదనం. 30 పైసలతో తూచి చూడండి. ఆ రెండున్నరతో అదే పుస్తకాన్ని ఎనిమిది నెలలు గోడౌన్‌లో ఉంచొచ్చు. ఏప్రిల్, మే, జూన్‌లలో నెలకు 10 వేలు ఓవర్‌టైమ్‌లో చేసే లెక్క కూడా వేశాను. స్టాకు ఖర్చులో దాదాపు 60 వేలు మిగిలితే కూలికి 75 వేలు పోతుంది. కాబట్టి ఓవర్‌టైమ్‌ను పట్టీలో రాసుకోవద్దు. అనుకోనిది జరిగినప్పుడు వాడుకోవడానికి దాన్ని చేతిలో ఉంచుకోండి. ముందే పట్టీలో వాడేస్తే, మేలో మెషిన్ రెండు రోజులు ఆగినప్పుడు మీకు ఇంకో దారి ఉండదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. పని నిజంగా కటింగ్ దగ్గరే ఆగుతుంటే, అందరికీ ఓవర్‌టైమ్ అక్కర్లేదు. కటింగ్ ఆపరేటర్, ఒక సహాయకుడు మాత్రం రెండు గంటలు ఎక్కువ ఉంటే చాలు. ఖర్చు పైసల్లోకి దిగుతుంది. అలా కుదురుతుందో లేదో నవంబర్‌లో ఒక వారం చూస్తే తెలిసిపోతుంది. సాయంత్రం అందరూ వెళ్లేటప్పటికి కటింగ్ మెషిన్ ముందు పిన్నులు కొట్టిన పుస్తకాల గుట్ట ఉందా? ఆ రెండు గంటల్లో దాన్ని కోసేస్తే, మర్నాడు సాయంత్రానికి మళ్లీ అంతే గుట్ట చేరుతోందా? చేరితే మీ అసలు సామర్థ్యం 50 వేలు కాదు, ఇంకా ఎక్కువ. అప్పుడు పట్టీని మళ్లీ వెనక్కి లెక్కేసుకోండి. చేరకపోతే అడ్డు కటింగ్ దగ్గర మాత్రమే కాదు, కాగితం లెక్కపెట్టి మడిచే దగ్గర కూడా ఉందన్నమాట. ఓవర్‌టైమ్ సంగతి ఎలా తేలినా, కటింగ్ మెషిన్ కత్తికి జోడీ ఒకటి సాన పట్టించి సిద్ధంగా ఉంచండి. మార్చడం భోజనాల వేళలోనో సాయంత్రమో పెట్టుకోండి. ఆ మెషిన్ గంట ఆగితే ఫ్యాక్టరీ మొత్తం గంట ఆగినట్టే, పిన్నింగ్ మెషిన్ గంట ఆగితే అంత నష్టం లేదు.

కటింగ్ దగ్గరే అడ్డు ఉండటం వల్ల ఇంకో విషయం కూడా తేలుతోంది. చలికాలంలో కాగితానికి రూళ్లు కొట్టించి దొంతర్లుగా పెట్టుకుందాం, అట్టలు తర్వాత చూసుకుందాం అని కొందరు చేస్తుంటారు. రూలింగ్ మెషిన్ చాలని వాళ్లకు అది పనికొస్తుంది. మీకు పనికిరాదు. మే నెలలో ఆ కాగితమంతా మళ్లీ అదే కటింగ్ మెషిన్ ముందుకే రావాలి కదా. మీరు దాచాల్సింది కోసి, బండిల్ కట్టి, లారీ ఎక్కించడానికి సిద్ధంగా ఉన్న పుస్తకాన్నే.

అందుకే చలికాలంలో ఏ రకాలు చేస్తారన్నది చాలా ముఖ్యం. మీ మామగారి భయంలో నిజం ఉన్నది ఇక్కడే. అన్ని పుస్తకాలూ ఒకటి కాదు. మీ సొంత అట్టతో వచ్చే 200 పేజీల రూళ్లవి, తెల్లవి జూన్‌లో మిగిలినా ఆగస్టు, సెప్టెంబర్‌లలో అమ్ముడవుతాయి. ఆ రెండు నెలల తయారీ తగ్గించుకుంటే సరి, నష్టం పుస్తకానికి రూపాయి లోపే. అదే మేలో ఆ పుస్తకం లేక దుకాణదారు వెనక్కి తిరిగితే పోయేది 6 రూపాయలు, కొన్నిసార్లు ఆ దుకాణమే. కాబట్టి ఈ రకాలు కొంచెం ఎక్కువే చేసినా భయం లేదు. బడి పేరు అచ్చువేసిన పుస్తకాలకు ఇది తలకిందులు. ఆ బడి తీసుకోకపోతే ఇంకెవరూ కొనరు, చివరికి చిత్తుకాగితం రేటు. అవి చేతిలో ఆర్డర్, అడ్వాన్సు పడ్డాకే, అదీ బడి చెప్పినదాని కన్నా కాస్త తక్కువే. ప్రభుత్వ బడుల పిల్లలకు నోటుపుస్తకాలు కిట్లలోనే వస్తాయి కనుక మీ సీజన్ అంతా ప్రైవేటు బడుల మీదే. వాళ్ల అడ్మిషన్ల లెక్క మే దాకా తేలదు.

ఇది కుదురుతుందో లేదో పట్టీలోనే చూసుకోవచ్చు. మే, జూన్‌లలో మీరు చేసేవి లక్ష పుస్తకాలు. బడి పేర్లవి, నాలుగు గీతలు, గళ్లు లాంటి తక్కువ పోయే రకాలు అన్నీ కలిపి ఈ లక్షలో పట్టాలి. పోయిన ఏడాది బిల్లులు తీసి, మే, జూన్ అమ్మకంలో ఇలాంటివి ఎన్నో కూడండి. 70 వేలో 80 వేలో వస్తే హాయిగా సరిపోతుంది. లక్షకు దగ్గరగా వస్తుంటే, బడులకు ఇంకో పద్ధతి చెప్పండి: అట్ట మీద ఖాళీ చోటు వదిలి, బడి పేరు స్టిక్కర్ అంటించి ఇవ్వడం. అప్పుడు అవి కూడా డిసెంబర్‌లో చేయదగ్గ పుస్తకాలే అవుతాయి.

గోడౌన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ స్టాకు పెరగడం మొదలయ్యేదే మనకు వానలు పడే రోజుల్లో. నెల్లూరు తీరానికి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు. కాగితం గాలిలో తేమను పీల్చుకుంటుంది. వాన పడకపోయినా, గోడౌన్ కారకపోయినా సరే. అంచులు అలలు తేలతాయి, అట్ట పైకి లేస్తుంది, పిన్ను చుట్టూ తుప్పు మరక దిగుతుంది. కనిపెట్టడం తేలికే. వారానికొకసారి గోడ పక్క దొంతరలో అట్టడుగు బండిల్ బయటికి లాగండి. ఒక పుస్తకాన్ని మధ్యకు తెరిచి పిన్నుల దగ్గర చూడండి. పేజీలను బొటనవేలితో జారవిడవండి. గలగలమంటూ విడిపోతే బాగున్నట్టు, మెత్తగా రెండేసి మూడేసి కలిసి జారితే తేమ చేరినట్టు. అలాంటి బండిల్‌ను ఇంకో దాని కింద పెట్టొద్దు, ఎండ ఉన్న రోజు తలుపులు తీసి విడిగా గాలికి పెట్టండి.

చెక్క పలకల మీద నేలకు జానెడు ఎత్తున, గోడకు అడుగు దూరంలో దొంతర్లు కట్టించండి. పిన్నులకు జింకు పూత ఉన్న వైరే కొనండి. లారీ నుంచి దిగిన కాగితం చల్లగా, మెత్తగా ఉంటే అదే రోజు పుస్తకం చేసి ప్లాస్టిక్ చుట్టేయొద్దు, లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. ప్రతి దొంతర మీదా నెల పేరు సుద్దముక్కతో రాయించి, పాతది ముందు బయటికి వెళ్లేలా దారి వదలండి. దారి లేకపోతే మనుషులు ముందున్నదే తీస్తారు, నవంబర్ పుస్తకం వెనక గోడకు ఆనుకుని రెండో వానాకాలం కూడా చూస్తుంది. చెదలు, ఎలుకల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఇక డబ్బు. ఈ పట్టీని ఆపగలిగేది ఇదొక్కటే. మార్చి ఆఖరు స్టాకు లక్షా 60 వేలు, 22 చొప్పున 35 లక్షల 20 వేలు. స్టాకు విలువలో బ్యాంకు 25 శాతం మార్జిన్‌గా పట్టుకుని మిగతాదానికే అప్పిస్తుంది అనుకుంటే 26 లక్షల 40 వేలకు అర్హత వస్తుంది, కానీ మీ లిమిట్ 25 లక్షలు. 10 లక్షల పైచిలుకు మీరు పెట్టుకోవాలి. చాలామంది మార్చితో గండం గడిచిందనుకుంటారు. మీరు అరువు ఇచ్చేవాళ్లయితే అసలు టెన్షన్ మే ఆఖరున. స్టాకు 60 వేలకు తగ్గి ఉంటుంది, అది 13 లక్షలే. కానీ మేలో పంపిన లక్షా 30 వేల పుస్తకాల డబ్బు బయట ఉంటుంది, మీ ఖర్చు లెక్కనే అది 28 లక్షల 60 వేలు. రెండూ కలిపి 42 లక్షలకు దగ్గర. బడులు ఫీజులు వసూలయ్యాక గానీ ఇవ్వవు. పనివాళ్ల జీతం మాత్రం ఆగదు.

రెండు పనులు చేయండి. ఒకటి, ఈ పట్టీ, పోయిన మూడేళ్ల అమ్మకాలు పట్టుకుని జనవరిలోనే బ్యాంకుకు వెళ్లి ఏప్రిల్ నుంచి జులై వరకు తాత్కాలికంగా లిమిట్ పెంచమని అడగండి. మేలో చెక్కు వెనక్కి వెళ్లాక అడిగితే వాళ్లు చూసే చూపు వేరుగా ఉంటుంది. రెండు, మార్చిలో డబ్బిచ్చి సరుకు తీసుకెళ్లే దుకాణాలకు 3 శాతం తగ్గించండి. 28 మీద అది 84 పైసలు. ఆ పుస్తకం రెండు నెలలు మీ దగ్గర ఉంటే 60 పైసలు, ఆ తర్వాత రెండు నెలలు అరువులో ఉంటే వడ్డీ ఇంకో 50 పైసల దాకా. 84 ఇచ్చి 110 మిగుల్చుకుంటున్నారు. ఒంగోలు, సింగరాయకొండ, ఆత్మకూరు వైపు సొంత గోడౌన్ ఉన్న దుకాణాలను ముందు అడగండి. 30 వేల పుస్తకాలు ఇలా వెళ్లినా మార్చి ఆఖరు స్టాకులో 6 లక్షల 60 వేలు తగ్గుతుంది. అయితే ఒక జాగ్రత్త: ముందే తీసుకెళ్లినవి మే అమ్మకంలోంచే తగ్గుతాయి. మార్చిలో అమ్మకం బాగుందని మే అంచనా పెంచేయకండి.

పట్టీ వేసుకున్నాక నెలకొకసారి చూడాల్సింది ఆఖరి గడి ఒక్కటే. నవంబర్ ఆఖరుకు 50 వేలు ఉండాల్సింది 42 వేలే ఉన్నాయంటే, ఆ 8 వేలు ఆ తర్వాత ఏ నెలలోనూ వాటంతటవి రావు, మిగతా నెలలన్నీ నిండి ఉన్నాయి. అదే నెలలో ఆదివారాలు పెట్టి పూడ్చండి. తుఫాను వల్ల నాలుగు రోజులు కరెంటు పోతే రోజుకు 2 వేల చొప్పున పోయేది సరిగ్గా అంతే. ఫిబ్రవరి ఆఖరున ఇంకోసారి గట్టిగా కూర్చోవాలి. అప్పటికి లక్షా 50 వేలు ఉన్నాయా, బడుల నుంచి, దుకాణాల నుంచి మాట ఎలా వస్తోంది అని చూసి, సీజన్ పెద్దదనిపిస్తే మార్చిలో మిల్లులకు వెళ్లని మనుషులతో 10, 15 వేలు ఓవర్‌టైమ్ చేయించండి. మందకొడిగా ఉందనిపిస్తే మార్చి, ఏప్రిల్ తయారీ కొంత ఆపండి. ఏప్రిల్ దాటితే ఆపడానికి సమయం ఉంటుంది గానీ పెంచడానికి ఉండదు.

ఈ ఏడాది మీరు ముందుగా తీయాల్సింది పోయిన మే, జూన్ బిల్లులు. రకాల వారీగా కూడితే బడి పేర్లవి ఎన్నో తేలుతుంది, అది తేలితే నవంబర్‌లో ఏ అట్టలు ఎన్ని అచ్చు వేయించాలో తెలుస్తుంది. అట్టల ఆర్డర్ దసరా లోపు ఇచ్చేయండి. దీపావళి దగ్గరపడితే ప్రెస్సుల వాళ్లు క్యాలెండర్లు, డైరీల పనిలో పడిపోతారు.